వీడియో క్యాప్షన్‌లో వెతుకుడు మాటలు: బోయిగూడ వైపు దారి ఉదాహరణగా

వీడియోతో పాటు రాసే శీర్షికను, దాని కింద ఉండే వివరణను కలిపి వాడుకలో క్యాప్షన్ అంటున్నారు. యూట్యూబ్‌లో ఈ రెండింటికీ వేర్వేరు పెట్టెలు ఉంటాయి. ఇన్‌స్టాగ్రామ్ రీల్‌కు ఒకటే పెట్టె. తెర అడుగున మాటలను అక్షరాల్లో చూపే సబ్‌టైటిళ్లను కూడా కొందరు క్యాప్షన్లంటారు కానీ ఈ వ్యాసం వాటి గురించి కాదు. చూడవలసినవాళ్లు వెతికినప్పుడు వీడియో దొరకాలంటే, వాళ్లు వెతుకుడు పెట్టెలో ఏ మాటలు కొడతారో ఆ మాటలే మామూలు వాక్యాల్లో క్యాప్షన్‌లో ఉండాలి. వీటినే కీవర్డులు అంటారు. అవే మాటలను, వీడియోకు సంబంధంలేని మాటలను కూడా, గుట్టగా పోస్తే అది కుక్కడం అవుతుంది. మంచి క్యాప్షన్‌కూ కుక్కిన క్యాప్షన్‌కూ తేడా మాటల సంఖ్యలో కంటే, ఆ మాటలు పిలిచే మనుషుల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ తేడాను చూడడానికి సికింద్రాబాద్‌లోని బోయిగూడ మంచి చోటు. రైల్వే స్టేషన్ దక్షిణం వైపు, 10వ ప్లాట్‌ఫాం పక్కన ఉన్న పేట ఇది. స్టేషన్‌లో పది ప్లాట్‌ఫాంలు ఉన్నాయి. 1వ ప్లాట్‌ఫాం ఉత్తరం వైపు ఉంటే, 10వది బోయిగూడ వైపు ఉంది. సామాన్లతో ఆటో ఎక్కినవారిని డ్రైవరు మొదట అడిగేది ఒకటో నంబరు వైపా, పదో నంబరు వైపా అనే. జవాబు తప్పితే ఇంత స్టేషన్‌నూ వంతెన మీద దాటాలి, లేదా రోడ్డు మీద చుట్టూ తిరిగి రావాలి. కాబట్టి బోయిగూడ వైపు నుంచి స్టేషన్‌లోకి వెళ్లే దారి చూపే నాలుగు నిమిషాల వీడియోకు నిజమైన అవసరం ఉంది. అది కావలసిన మనిషి వెతికేది కూడా బండెక్కే రోజునో, ముందు రోజు రాత్రో. అలాంటి వీడియో ఒకటి ఉందనుకుని, దాని క్యాప్షన్‌ను తిరగరాస్తూ పోదాం.

మొదటి క్యాప్షన్

అలాంటి వీడియోలకు తరచుగా కనిపించే తీరులో రాస్తే క్యాప్షన్ ఇలా ఉంటుంది.

```
ఫ్రెండ్స్ ఈ ఒక్క ట్రిక్ తెలిస్తే చాలు!! చివరిదాకా చూడండి
#trending #viral #telugu #hyderabad #charminar
#kacheguda #nampally #cherlapalli #train #railway
```

ఇందులో సికింద్రాబాద్ అన్న మాట లేదు, 10వ ప్లాట్‌ఫాం లేదు, బోయిగూడ లేదు. వీడియోలో ఉన్నవేవీ క్యాప్షన్‌లోకి రాలేదు. దానికి బదులు వీడియోలో లేని చార్మినార్, కాచిగూడ, నాంపల్లి, చర్లపల్లి వచ్చి చేరాయి. చివరి మూడూ వేరే రైల్వే స్టేషన్ల పేర్లు. కాచిగూడలో బండెక్కవలసిన మనిషి ఆ పేరుతో వెతికి ఈ వీడియోకు చేరి, హడావుడిలో మొదటి నిమిషం చూసి బోయిగూడకు ఆటో మాట్లాడుకుంటే బండి తప్పిపోతుంది. కుక్కడాన్ని చాలామంది మర్యాద విషయంగా, వేదిక పెట్టిన నిబంధనగా మాత్రమే చూస్తారు. దారి చెప్పే వీడియోలో అది మనిషిని తప్పు చోటికి పంపుతుంది.

వీడియో చేసినవారికి కూడా దీనివల్ల లాభం లేదు. వెతుకులాటలో ఏ వీడియోను పైన చూపాలో నిర్ణయించడానికి మూడు విషయాలను చూస్తామని యూట్యూబ్ చెబుతుంది. శీర్షిక, వివరణ, ట్యాగులు, వీడియోలోని విషయం వెతికిన మాటకు ఎంత సరిపోతున్నాయనేది మొదటిది. ఆ మాటతో వచ్చినవాళ్లు వీడియోను ఎంతసేపు చూశారనేది రెండోది. ఆ విషయంలో ఆ ఛానెల్ ఎంత నమ్మదగినదనేది మూడోది. చార్మినార్ కోసం వచ్చినవాళ్లు అయిదు సెకన్లలో వెళ్లిపోతారు. మొదటి విషయంలో దొంగతనంగా సంపాదించినది రెండో దానిలో పోతుంది. పైగా వివరణలో ట్యాగులను గుట్టగా పోయడం యూట్యూబ్ నియమాలకు విరుద్ధం, దానికి వీడియోను తీసేయవచ్చు కూడా. ఒక వీడియోకు 60కి మించి హ్యాష్‌ట్యాగులు పెడితే అది ఏ ఒక్కదాన్నీ లెక్కలోకి తీసుకోదు.

కుక్కడం వీడియోలతో మొదలైంది కాదు. 1990లలో వెబ్ పేజీల వెనక, చదివేవారికి కనిపించని చోట, కీవర్డులు రాసుకోవడానికి ఒక గడి ఉండేది. దాన్ని జనం ఎంతగా నింపారంటే, వెబ్ ఫలితాల వరుసకు ఆ గడిని అసలు చూడబోమని గూగుల్ 2009 సెప్టెంబరులో బాహాటంగా చెప్పింది. యూట్యూబ్ ట్యాగుల పెట్టెకు కూడా దాదాపు అదే గతి పట్టింది. వీడియోలు దొరకడంలో ట్యాగుల పాత్ర బహు స్వల్పమని ఆ సంస్థే రాసుకుంది. అయితే ఒక మినహాయింపు ఇచ్చింది: జనం తరచుగా తప్పు స్పెల్లింగుతో వెతికే విషయమైతే ట్యాగులు పనికొస్తాయి. బోయిగూడకు ఈ మినహాయింపు అచ్చంగా సరిపోతుంది.

ఒక పేరు, పది రాతలు

ఇంగ్లీషు పత్రికల్లో ఎక్కువగా కనిపించే రాత Bhoiguda. తెలుగులో బోయిగూడ అని చదివినవారు దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేటప్పుడు Boyiguda అనో, Boiguda అనో, Boyguda అనో కొడతారు. తెలుగులోనే బోయిగూడ, భోయిగూడ, బోయగూడ అనే రూపాలున్నాయి. ఊరి పేరుదీ ఇదే సంగతి. Secunderabad స్పెల్లింగు గుర్తులేనివారు చెవికి వినిపించినట్టు sikindrabad అని కొడతారు. తెలుగు మాట్లాడేవారిలో చాలామంది ఫోన్‌లో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతోనే రాస్తారు కాబట్టి, వెతికే వాక్యం ఇలా కూడా ఉండవచ్చు.

```
secunderabad station 10 platform ela vellali
```

దగ్గరి స్పెల్లింగులను సవరించుకుని చూపే శక్తి వెతుకుడు యంత్రాలకు కొంత ఉంది. పెద్ద ఊరి పేరైతే లక్షలమంది వెతికిన అనుభవం వాటి దగ్గర ఉంటుంది కాబట్టి ఆ సవరణ బాగా పనిచేస్తుంది. చిన్న పేట పేరుకు ఆ ఆధారం తక్కువ. అందుకే ఊరికంటే పేట పేరు రాతల విషయంలోనే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. అలాగని అన్ని రూపాలనూ శీర్షికలో వరసపెట్టి రాస్తే చదివేవారికి చీకాకు. నా అంచనాలో సరైన ఏర్పాటు ఇది: తెలుగు రూపం ఒకటి, ఇంగ్లీషులో బాగా చెలామణిలో ఉన్న రూపం ఒకటి, ఈ రెండూ చదివేవారి కంటికి కనిపించే చోట ఉండాలి. మిగతా రాతలు ట్యాగుల పెట్టెలోకి వెళ్లాలి. యూట్యూబ్ స్టూడియోలో వివరాల పేజీ అడుగున ఉండే ఈ పెట్టెలో మొత్తం 500 అక్షరాలు పడతాయి. ఇక్కడ కావలసింది అయిదారు మాటలే.

తెలుగుకు ఇంకో చిక్కు ఉంది. మన విభక్తులు మాటకు అతుక్కుంటాయి. బోయిగూడవైపునుంచి అని కలిపి రాస్తే తెలుగు చదివేవారికి ఇబ్బంది లేదు. కానీ బోయిగూడ అని వెతికినప్పుడు ఆ పొడుగాటి ముక్కలోంచి పేరును యంత్రం విడదీస్తుందన్న హామీ లేదు. బోయిగూడ వైపు నుంచి అని విడివిడిగా రాస్తే పేరు పేరుగా నిలుస్తుంది. ప్లాట్‌ఫాం అన్న మాట కూడా ఇలాంటిదే. దాన్ని ప్లాట్‌ఫాం, ప్లాట్‌ఫామ్, ప్లాట్‌ఫారం అని రకరకాలుగా రాస్తారు. పైగా ట్ తర్వాత ఫ ఒత్తుగా మారకుండా కీబోర్డు కంటికి కనిపించని ఒక గుర్తును మధ్యలో పెడుతుంది. కొందరు దాని బదులు ఖాళీ వదులుతారు. ఇన్ని తేడాలున్న మాట మీద వీడియో భారమంతా వేయకూడదు. పక్కన 10 అన్న అంకె, స్టేషన్ అన్న మాట, ఊరి పేరు ఉంటే ఒకటి తప్పినా మిగతావి పట్టుకుంటాయి.

పేర్లను సాదా అక్షరాల్లోనే రాయాలి. డీటీపీ కేంద్రాల్లో అను వంటి పాత ఫాంట్లతో కొట్టిన తెలుగు తెర మీద తెలుగులా కనిపించినా, క్యాప్షన్ పెట్టెలో అతికిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులుగా మారిపోతుంది. అక్కడ యూనికోడ్ తెలుగే ఉండాలి. ముద్దు అక్షరాలు తయారుచేసే యాప్‌లతో రాసిన లావుపాటి, వంపుల ఇంగ్లీషు అక్షరాలు కూడా యంత్రానికి వేరే గుర్తులు. అలా రాసిన Bhoiguda చూపుకు అందంగా ఉన్నా వెతికితే దొరక్కపోవచ్చు. చూపులేనివారికి తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా వాటి దగ్గర తడబడుతుంది. దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది: క్యాప్షన్‌లోని పేరును చేత్తో కొట్టి అదే పేజీలో వెతికి చూడాలి. రెండూ ఒకటేనని ఫోన్ గుర్తించకపోతే అక్షరాలు సాదావి కావు.

మాటలు ఎక్కడ దొరుకుతాయి

కీవర్డులను కూర్చుని ఊహించుకోవడం కంటే పోగుచేసుకోవడం మేలు. యూట్యూబ్ వెతుకుడు పెట్టెలో secunderabad station అని కొట్టి ఆగితే, జనం ఆ తర్వాత ఏం కొడుతున్నారో కింద వరుసగా వస్తుంది. మన పాత వెతుకులాటలు అందులో కలవకుండా ఉండాలంటే, ఖాతాలోంచి బయటికి వచ్చి లేదా ఇన్‌కాగ్నిటో కిటికీలో చూడాలి. గూగుల్ ట్రెండ్స్‌లో వెబ్ వెతుకులాటకు బదులు యూట్యూబ్ వెతుకులాటను ఎంచుకుని రెండు రాతల్లో ఏది ఎక్కువో పోల్చవచ్చు. అయితే బోయిగూడ వంటి చిన్న పేరుకు ఆ గీత నేలకు ఆనుకునే ఉంటుంది, దాన్ని చూసి ఏమీ తేల్చలేం.

అన్నిటికంటే నమ్మదగిన పట్టిక వీడియో పెట్టిన కొన్ని వారాలకు తయారవుతుంది. స్టూడియోలో వీడియో అనలిటిక్స్‌కు వెళ్లి, చూపులు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పే భాగంలో యూట్యూబ్ వెతుకులాటను తెరిస్తే, జనం నిజంగా కొట్టిన మాటలు కనిపిస్తాయి. ఒక్కో మాటకు ఎన్ని చూపులు వచ్చాయో, సగటున ఎంతసేపు చూశారో పక్కనే ఉంటుంది. ఎక్కువ చూపులు, చాలా తక్కువ సమయం ఉన్న మాట కనిపిస్తే అది తప్పు మనుషులను పిలుస్తోందని అర్థం. అలాంటి మాటను క్యాప్షన్‌లోంచి తీసేయాలి. తక్కువ చూపులైనా చివరిదాకా చూస్తున్న మాట కనిపిస్తే దాన్ని శీర్షికకు దగ్గరగా జరపాలి.

వీటికి ముందు చేయగలిగిన పని ఇంకొకటి ఉంది, దానికి తెర అక్కర్లేదు. పదో నంబరు వైపు అరగంట నిలబడితే జనం ఫోన్‌లలో ఎలా చెప్పుకుంటున్నారో వినిపిస్తుంది. దక్షిణ ప్రవేశం అని ప్రణాళికల్లో రాస్తారు. దిగినవారు ఫోన్‌లో చెప్పేది మాత్రం బోయిగూడ వైపు అనో, పదో నంబరు వైపు అనో. క్యాప్షన్‌కు కావలసింది ఈ రెండో రకం మాట.

తిరగరాసిన క్యాప్షన్

```
సికింద్రాబాద్ స్టేషన్ 10వ ప్లాట్‌ఫాం – బోయిగూడ వైపు దారి | Bhoiguda side entrance
```

యూట్యూబ్ శీర్షికకు హద్దు 100 అక్షరాలు. సికింద్రాబాద్ అన్న పేరు కంటికి అయిదు అక్షరాలే అయినా గుణింతాలు, పొల్లులు, సున్నా విడివిడిగా లెక్కకొస్తాయి కనుక యూనికోడ్‌లో అది 13. ఆ లెక్కన పై శీర్షిక సుమారు 80. ఫోన్ తెర మీద పొడవాటి శీర్షిక తోక తెగిపోతుంది కాబట్టి ఊరు, స్టేషన్, ప్లాట్‌ఫాం మొదట వచ్చాయి. తెగినా నష్టంలేని ఇంగ్లీషు ముక్క చివరికి వెళ్లింది. ఏ మాటా రెండుసార్లు రాలేదు, బోయిగూడ మాత్రం రెండు లిపుల్లో ఒక్కొక్కసారి వచ్చింది.

వివరణకు 5,000 అక్షరాల చోటు ఉంది. అంత చోటు ఉంది కదా అని నింపడంలోనే చాలామంది పొరబడతారు. నొక్కకుండా కనిపించేది మొదటి కొద్ది భాగమే, వివరణ ఇలా ఉంటే చాలు.

```
సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు బోయిగూడ వైపు నుంచి వచ్చి
10వ ప్లాట్‌ఫాం చేరే దారి. ఆటో దిగే చోటు, టికెట్ కౌంటర్,
1వ ప్లాట్‌ఫాం వైపు వెళ్లే వంతెన చూపించాం.
Secunderabad railway station (SC), platform 10.
```

SC అనేది సికింద్రాబాద్ జంక్షన్‌కు రైల్వే ఇచ్చిన కోడు. టికెట్ మీద ఊరి పేరు పక్కన కనిపించేది అదే కనుక ఇక్కడ రాయడం సబబు. కౌంటర్, వంతెన అన్న మాటలు వీడియోలో అవి కనిపిస్తేనే ఉండాలి. లిఫ్ట్ ఉందని రాసి లిఫ్ట్ చూపకపోతే, మోకాళ్ల నొప్పితో ఉన్న తల్లిని తీసుకొచ్చే కొడుకు అది నమ్మి వస్తాడు. వివరణ రాశాక ఒక్కో నామవాచకం మీద వేలు పెట్టి, ఇది ఏ నిమిషంలో కనిపిస్తుంది అని అడగడం నేను అందరికీ చెప్పే పద్ధతి. జవాబు లేని మాట కొట్టేయాలి.

ఆ జవాబులనే కాలపట్టికగా కింద రాయవచ్చు. మొదటిది 0:00తో మొదలై, కనీసం మూడు ఉండి, ఒక్కో భాగం పది సెకన్లకు తగ్గకపోతే యూట్యూబ్ వాటిని అధ్యాయాలుగా చూపుతుంది.

```
0:00 బోయిగూడ వైపు ఆటో దిగే చోటు
0:50 టికెట్ కౌంటర్
1:40 10వ ప్లాట్‌ఫాం
2:30 వంతెన మీదుగా 1వ ప్లాట్‌ఫాం
```

కావలసిన మాటలు ఇంకోసారి వచ్చినా ఇది కుక్కడం కాదు. ప్రతి వరుసా చూసేవారికి ఒక పని చేసిపెడుతోంది.

రైళ్ల పేర్లు రాయాలన్న ఆశ గట్టిగా పుడుతుంది. ఫలానా ఎక్స్‌ప్రెస్ పేరుతో వెతికేవారు చాలామంది. కానీ బండి ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో రోజును బట్టి మారుతుంది. క్యాప్షన్‌లో రైలు పేరు, పక్కన 10వ ప్లాట్‌ఫాం ఉంటే చదివేవారు రెంటినీ కలిపే అర్థం చేసుకుంటారు. అందుకే దారి వీడియోలో రైలు పేర్లు ఉండకూడదు, అవి ఎంత ఎక్కువ చూపులు తెచ్చినా సరే.

హిందీ మాట్లాడేవారు, తమిళులు, ఒడిశా నుంచి వచ్చేవారు ఈ స్టేషన్‌లో నిత్యం ఉంటారు. వాళ్లకోసం మూడు నాలుగు లిపులను శీర్షికలో ఇరికించడం పాత అలవాటు. యూట్యూబ్‌లో శీర్షికకూ వివరణకూ వేరే భాషల అనువాదాలను విడిగా చేర్చే వీలుంది. హిందీలో యూట్యూబ్ వాడేవారికి హిందీ శీర్షికే కనిపిస్తుంది. అలా ఒక్కో భాషకు ఒక్కో మంచి వాక్యం రాయడం, అన్ని భాషలనూ ఒకే వాక్యంలో కుక్కడం కంటే ఎంతో నయం.

చిన్న వీడియోల సంగతి

2020 జూన్ 29న టిక్‌టాక్‌ను భారత ప్రభుత్వం నిషేధించాక, ఆ జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో మొదలయ్యాయి. ఇవి ఎక్కువగా వేలితో జరుపుతుంటే ఎదురుపడే వీడియోలు. వెతుక్కుని వచ్చేవారి వాటా తక్కువ. అందుకే క్యాప్షన్ తిరగరాసినంత మాత్రాన షార్ట్ చూపులు ఎగబాకుతాయని ఆశించకూడదు. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌కు 2,200 అక్షరాల హద్దు ఉంది. కీవర్డులు, హ్యాష్‌ట్యాగులు వ్యాఖ్యల్లో కాక క్యాప్షన్‌లోనే ఉండాలని ఆ సంస్థ 2021లోనే చెప్పింది. మొదటి వ్యాఖ్యలో ట్యాగులు దాచే పద్ధతి వెతుకులాటకు పనికిరాదన్నమాట. మన దారి వీడియోను రీల్‌గా పెడితే, పై శీర్షికను మొదటి వాక్యంగా మార్చి, సికింద్రాబాద్, బోయిగూడ పేర్లతో రెండు హ్యాష్‌ట్యాగులు చేరిస్తే సరిపోతుంది.

పేరు ఒక్కటే చాలనప్పుడు

2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలోని ఒక తుక్కు గోదాములో మంటలు లేచి, బీహార్ నుంచి వచ్చిన 11 మంది కార్మికులు చనిపోయారు. ఆ రోజుల్లో బోయిగూడ అని వెతికినవారికి కావలసింది ఆ వార్తే. పేట పేరు ఒక్కటే దారి వీడియోకు ఎందుకు సరిపోదో ఇది చూపుతుంది. అదే పేరుతో వార్త కోసం వెతికేవారు ఉంటారు, కలప డిపోల కోసం వెతికేవారు ఉంటారు, అద్దె ఇంటి కోసం వెతికేవారూ ఉంటారు. పేరు పక్కన స్టేషన్, ప్లాట్‌ఫాం, దారి అన్న మాటలు ఉన్నప్పుడే ఈ గుంపులు విడిపోతాయి. ఒక పేరు వార్తల్లోకి ఎక్కినప్పుడు ఆ వార్త మాటలను తన క్యాప్షన్‌కు చేర్చుకోవడం మాత్రం, ఎవరి చావునో చూపులుగా మార్చుకోవడమే. నియమాల భాషలో దాన్ని తప్పుదారి పట్టించే వివరం అంటారు.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది

మార్పు చేసిన తేదీ రాసిపెట్టుకుని, ముందు 28 రోజులను తర్వాతి 28 రోజులతో పోల్చడం వాడుక. పోల్చవలసింది మొత్తం చూపులను కాదు, వెతుకులాట నుంచి వచ్చినవాటిని, వాళ్లు చూసిన సగటు సమయాన్ని. శీర్షికను, థంబ్‌నెయిల్ బొమ్మను ఒకే రోజున మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. పండగల ముందు, ముఖ్యంగా సంక్రాంతికి, స్టేషన్ గురించిన వెతుకులాటలు మామూలు రోజులకంటే పెరగడం సహజం కనుక, జనవరిని ఫిబ్రవరితో పోలిస్తే క్యాప్షన్ చెడిపోయిందన్న భ్రమ కలుగుతుంది. ఇక నెలకు పదీ ఇరవై వెతుకులాటలు వచ్చే వీడియోలో అంకెలు ఏమీ రుజువు చేయవు. అలాంటప్పుడు మాటల పట్టికను చదవడమే సరైన కొలత: బోయిగూడ, 10వ ప్లాట్‌ఫాం అని కొట్టినవారు అందులో కనిపిస్తున్నారా, కాచిగూడ అని కొట్టినవారు మాయమయ్యారా అని చూడాలి.

క్యాప్షన్‌కు వయసు కూడా ఉంటుంది. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్ 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. ఉత్తరం వైపూ, బోయిగూడ ఉన్న దక్షిణం వైపూ కొత్త భవనాలు ఆ పనిలో భాగం. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక కొన్ని రైళ్లు అటు మళ్లాయి. పనులు జరుగుతున్న చోట ఆటో ఆగే స్థలం, లోపలికి వెళ్లే గేటు మారిపోతుంటాయి. అందుచేత వివరణ చివర వీడియో ఏ నెలలో, ఏ సంవత్సరంలో తీశారో రాయాలి. దారి మారినప్పుడు పాత వీడియో శీర్షికలో సంవత్సరం ఒక్కటి మార్చి కొత్తదిగా చూపడం, కాచిగూడ పేరు పెట్టడంతో సమానమైన తప్పు. కొత్త వీడియో తీసి, పాతదాని వివరణలో మొదటి వాక్యంగా గేటు మారిందని రాసి, కొత్తదాని లింకును ఆ పక్కనే ఇవ్వాలి.